ఈయ బోసిలో పులుసు

అల్యూమినియం గిన్నెకు తెలుగువాళ్ళలోనే ఒక్కో చోట ఒక్కో పేరు. ఆంధ్రా వైపు చుట్టాలు సత్తు గిన్నె అంటారు. తెలంగాణ నుంచి మా ఇంటికి వచ్చిన కోడలు సిల్వర్ గిన్నె అంటుంది. ఇక్కడ తమిళనాట ఎవర్‌సిల్వర్ అంటే స్టీలు కదా, అందుకని పెళ్ళైన కొత్తలో ఆమె "ఆ సిల్వర్ గిన్నె ఇవ్వండి అత్తయ్యా" అన్నప్పుడల్లా స్టీలు గిన్నే చేతికి వచ్చేది. గాంధీపురంలో మా ఇంట్లో మటుకు అది ఈయ బోసి. బోసి అంటే కొంగునాట గిన్నె అని. ఈయం అనే మాట మాత్రం కొంచెం చిక్కుది. తమిళంలో వెళ్ళీయం అంటే తగరం, కారీయం అంటే సీసం. అల్యూమినియం ఈ దేశానికి వచ్చాక దాన్ని కూడా ఆ తెల్ల లోహాల గుంపులోనే వేసి ఈయం అనేశారు. ఒక్క మాటలో మూడు లోహాలు కూర్చున్నాయన్నమాట. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ బోసిలో పులుసు, చారు, టమాటా కూర వండొచ్చా వద్దా అనే మాట మా ఇంట్లో చాలా ఏండ్లుగా నలుగుతున్నదే. ఎవరో ఒకరు ఫోన్‌లో ఏదో చదివి వస్తారు, అవ్వ కొట్టిపారేస్తుంది, అంతటితో సరి. పోయిన ఏడాది మాత్రం అలా సరిపోలేదు. మా పెదనాన్నకి రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని తేలింది. కిడ్నీల డాక్టరు మందుల చీటీ అంతా చూసి, ఎసిడిటీకి ఆయన వాడుతున్న మాత్ర మానమన్నారు. అందులో అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఉందట, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి అది మంచిది కాదట. ఇంటికొచ్చాక వదిన అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "మాత్రలో వద్దంటే, మరి వారానికి నాలుగు రోజులు బోసిలో కాచే పులుసు సంగతేంది?"

అప్పట్నుంచి మేము చదివినవి, అడిగి తెలుసుకున్నవి, ఇంట్లో తూచి చూసినవి ఇక్కడ రాసి పెడుతున్నాం. మదురైలో, కోవైలో ఉన్న మన ఇళ్ళన్నిటిలో ఇలాంటి బోసి ఒకటైనా ఉంటుంది కదా.

ముందు ఆ బోసి మన వంటింట్లోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే అది పులుపు కోసమే వచ్చింది. అంతకు ముందు ఇత్తడి, రాగి గిన్నెలకి లోపల తగరంతో కళాయి వేయించేవాళ్ళు. కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము పట్టి, తిన్నవాళ్ళకి వాంతులయ్యేవి. కొన్ని నెలలకోసారి కళాయివాడి కోసం ఎదురుచూపే. మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసరు 1898లో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టాడు. 1903లో ఆ పని ఇండియన్ అల్యూమినియం కంపెనీ చేతికి వెళ్ళింది. తేలిక, చవక, కళాయి అక్కర్లేదు, చిలుము పట్టదు. దక్షిణాది ఇల్లాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? మా అవ్వ వాళ్ళమ్మకి ఈయ బోసి ఇంట్లోకి వచ్చిన రోజు పండగలాగా ఉండేదట. కాబట్టి అవ్వ దాన్ని వెనకేసుకు రావడం మొండితనం కాదు. ఆమె లెక్కలో చిలుము పట్టే ఇత్తడికి అది మందు.

అయితే చిలుము పట్టదంటే కరగదని కాదు.

అల్యూమినియం నిజానికి చాలా చురుకైన లోహం. గాలి తగిలిన క్షణమే దాని మీద అల్యూమినియం ఆక్సైడ్ అనే సన్నటి పొర ఏర్పడుతుంది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు, కంటికి కనపడదు. కింది లోహాన్ని కాపాడేది ఆ పొరే. అన్నం, పాలు, నీళ్ళు లాంటివి దాన్ని పెద్దగా ఏమీ చెయ్యవు. పులుపు గట్టిగా ఉంటే మటుకు పొర కరుగుతుంది. పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో సుమారు 4 కంటే కిందికి దిగితే పొర నిలవదు. అటు చివర సోడా లాంటి క్షారం తగిలినా నిలవదు, అది వేరే సంగతి.

ఇక్కడ చింతపండు, టమాటా రెండూ ఒకటి కాదు. పండిన టమాటా పీహెచ్ 4.2 నుంచి 4.6 దాకా ఉంటుంది, అంటే గీతకి కొంచెం పైన. చిక్కటి చింతపండు గుజ్జు 3 దరిదాపుల్లో ఉంటుంది, గీతకి బాగా కింద. ఈ లెక్కలో ఒక అంకె తేడా అంటే పది రెట్లు. పైగా చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం, టమాటాలో ఉండే సిట్రిక్ ఆమ్లం ఊరికే పుల్లగా ఉండవు. కరిగిన అల్యూమినియాన్ని చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని పులుసులోకి లాగి ఉంచుతాయి. అందుకే పీహెచ్ కొద్దిగా పైనున్నా టమాటా పూర్తిగా అమాయకం కాదు. ఉప్పు వీటికి తోడు. ఉప్పులోని క్లోరైడ్ పొరలో బలహీనమైన చోట దూరి సూది మొనలంత గుంటలు చేస్తుంది. పాత బోసిని వెలుతురులో వంచి చూడండి, అడుగున, పులుసు మట్టం నిలిచే గీత దగ్గర ఆ చుక్కలు కనపడతాయి.

ఇంకో గుర్తు ఉంది, అది ప్రతి ఇల్లాలికీ తెలిసిందే, పేరు మాత్రం వేరే పెట్టుకుంటాం. బోసిలో రోజూ బోరు నీళ్ళు కాస్తే లోపల నల్లగా అవుతుంది. ఆ నల్ల బోసిలో ఒక్కసారి పులుసు కాస్తే తళతళ మెరుస్తుంది. "చూశావా, పులుసు కాస్తే బోసి ఎంత శుభ్రమయిందో" అని అవ్వ మురిసిపోయేది. ఆ నలుపు ఎక్కడికి పోయింది? కాలవలోకి పోలేదు, పులుసులోకే పోయింది. నల్ల పొర, దాని కింద కొంచెం లోహం, రెండూ కూరలో కలిసి మన కంచంలోకి వచ్చాయి. రుచిలో తెలియదు, రంగులో తెలియదు. కాబట్టి పులుపుకి అల్యూమినియం కరుగుతుందా అనే ప్రశ్నకి ల్యాబు అక్కర్లేదు, మెరుపే జవాబు. ఎంత కరుగుతుంది, అది ఒంట్లో ఏం చేస్తుంది, ఇవీ అసలు ప్రశ్నలు.

ఎంత అనేదానికి మేము వంటింటి తక్కెడతో ఒక పని చేశాం. దీన్ని మీరూ చెయ్యొచ్చు. బోసిని బాగా కడిగి, ఎండలో ఆరబెట్టి, గ్రాముల్లో చూపించే తక్కెడ మీద పెట్టాం. సంక్రాంతికి 612 గ్రాములు. మామూలుగానే వాడుకున్నాం, వారానికి నాలుగు రోజులు పులుసో చారో. మళ్ళీ సంక్రాంతికి తూచితే 607. ఏడాదిలో 5 గ్రాములు పోయింది. తక్కెడ ఒక గ్రాము అటూ ఇటూ చూపిస్తుందనుకోండి, అయినా లెక్క చూద్దాం.

5 గ్రాములంటే 5000 మిల్లీగ్రాములు. వారానికి నాలుగు చొప్పున ఏడాదికి 208 పులుపు వంటలు. భాగిస్తే వంటకి 24 మిల్లీగ్రాములు. ఇంట్లో అయిదుగురం తింటాం, అంటే మనిషికి సుమారు 5, వారానికి 20 మిల్లీగ్రాములు. ఇది అసలు సంఖ్య కాదు, పై హద్దు. పోయిన 5 గ్రాముల్లో మంచి భాగం పీచుతో తోమినప్పుడు నీళ్ళలో పోయి ఉంటుంది. మొత్తం పులుసులోకే వచ్చిందని, అన్నిటికంటే చెడ్డగా ఊహించుకుని వేసిన లెక్క ఇది.

దీన్ని దేనితో పోల్చాలి? ఆహారంలో అల్యూమినియం వారానికి ఎంత దాటకూడదో రెండు పెద్ద సంస్థలు చెప్పాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో ఒంటి బరువు కిలోకి 1 మిల్లీగ్రాము అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కలిసి నడిపే నిపుణుల సంఘం 2006లో అదే అని, 2011లో దాన్ని 2కి పెంచింది. 60 కిలోల మనిషికి వారానికి 60 లేదా 120 అన్నమాట. మా బోసి లెక్క 20. గింజలు, ఆకుకూరలు, టీ, వీటన్నిటిలో సహజంగానే ఉండే అల్యూమినియం దీనికి తోడవుతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు భయపడాల్సిన అంకె ఇది కాదు.

మా నాలుగేళ్ళ మనవరాలి లెక్క అంత నిశ్చింతగా లేదు. ఆమె 15 కిలోలు. యూరప్ హద్దు ప్రకారం వారానికి 15 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళలో సగం పులుసు తిన్నా 10 వచ్చేస్తుంది, మిగిలిన తిండి కలిస్తే గీతకి ఆనుకుని ఉంటుంది. గీత దాటిన మర్నాడే జబ్బు చేస్తుందని కాదు. ఆ హద్దులు జీవితమంతా తిన్నా ఫరవాలేదన్నట్టు గట్టి జాగ్రత్తతో వేసినవి. అయినా పిల్లల ఒళ్ళు చిన్నది, గిన్నె మాత్రం అదే గిన్నె.

ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుందంటే, తిన్న అల్యూమినియంలో వెయ్యి వంతుల్లో ఒకటి నుంచి మూడు వంతులే పేగుల నుంచి రక్తంలోకి ఎక్కుతుంది. మిగిలింది మామూలుగా బయటికి పోతుంది. ఎక్కిన ఆ కొంచెం కిడ్నీల ద్వారా మూత్రంలో పోతుంది. అవ్వ "నలభై ఏండ్లు ఇందులోనే పులుసు కాచినా, నాకేమయింది?" అని అడిగితే జవాబు ఇదే. అవ్వా, నీ కిడ్నీలు బాగున్నాయి, అవి రోజూ ఆ పని చేసిపెట్టాయి. పెదనాన్న కిడ్నీలు చెయ్యలేవు. అదే బోసి, అదే పులుసు, తినే మనిషి వేరు.

ఇది ఊహ కాదు. 1970లలో డయాలిసిస్ చేయించుకునే వాళ్ళలో కొందరికి మాట తడబడి, మూర్ఛలొచ్చి, మతి తప్పే జబ్బు వచ్చింది. డయాలిసిస్‌కి వాడే నీళ్ళలోని అల్యూమినియం, వాళ్ళకి ఫాస్ఫేటు తగ్గడానికి ఇచ్చే అల్యూమినియం మందులు కారణమని తేలింది. ఎముకలు కూడా మెత్తబడేవి. ఆ తర్వాతే డయాలిసిస్ నీళ్ళని శుద్ధి చెయ్యడం, ఆ మందుల్ని తగ్గించడం మొదలైంది. అక్కడ ఒంట్లో చేరిన మోతాదు మన పులుసు కంటే చాలా ఎక్కువ, నీళ్ళ ద్వారా నేరుగా రక్తంలోకి వెళ్ళింది. మాత్రల సంగతీ అంతే, ఒక్క మాత్రలోనే వంద మిల్లీగ్రాముల దాకా అల్యూమినియం ఉండొచ్చు, మా బోసి నెలంతా ఇచ్చే దానికంటే ఎక్కువ. డాక్టరు ముందు మాత్ర ఆపడం అందుకే. కానీ కిడ్నీ తీసెయ్యలేనిది కొంచెం కొంచెంగా చేరుతుంది. పైగా పులుపులోని సిట్రిక్ ఆమ్లం అల్యూమినియం రక్తంలోకి ఎక్కడాన్ని పెంచుతుంది. వదిన ప్రశ్నకి మాకు దొరికిన జవాబు ఇది: పెదనాన్నకి ఈయ బోసిలో పులుపు వద్దు. ఎటూ పొటాషియం కోసం టమాటా, చింతపండు రెండూ తగ్గించమన్నారు, అది వేరే బాధ.

మతిమరుపు జబ్బు సంగతి కూడా అందరూ అడుగుతారు. 1965లో కుందేళ్ళ మెదడులోకి అల్యూమినియం లవణం ఎక్కిస్తే నరాల కణాల్లో చిక్కుముళ్ళు కనపడ్డాయి, అక్కడ మొదలైంది ఆ భయం. తర్వాత చూస్తే ఆ చిక్కుముళ్ళు అల్జీమర్స్‌లో ఉండేవి కావు. తిండి ద్వారా వచ్చే అల్యూమినియం వల్ల అల్జీమర్స్ వస్తుందని తాము అనుకోవడం లేదని యూరప్ సంస్థ 2008లోనే రాసింది. దీని మీద ఇంతకంటే చెప్పేది లేదు.

వండడం కంటే ఉంచడం గురించి ఎక్కువ మాట్లాడాలి. మన పులుసుకి రెండో రోజే రుచి కదా. రాత్రి కాచి, మూత పెట్టి, బోసిలోనే వదిలేసి, పొద్దున వెచ్చబెట్టి, మధ్యాహ్నం ఇంకోసారి మరిగించి తింటాం. పొయ్యి మీద ఉండేది అరగంట. గిన్నెలో ఉండేది పద్దెనిమిది గంటలు. వేడిలో కరగడం వేగం, నిజమే, కానీ చల్లారుతున్నంతసేపూ, చల్లారాక కూడా పులుపు తన పని మానదు. జర్మనీ ఆహార సంస్థ 2017లో పూత లేని అల్యూమినియం తట్టల్లో పుల్లటి తిండి పెట్టి, వేడి చేసి, చల్లార్చి, నిలవ ఉంచి, మళ్ళీ వేడి చేసి చూసింది. పులిసిన క్యాబేజీ రసం, యాపిల్ గుజ్జు, టమాటా గుజ్జు, ఈ మూడింటిలోనూ కిలోకి 5 మిల్లీగ్రాములనే యూరప్ విడుదల హద్దు దాటిపోయింది. వండడం, ఉంచడం, వెచ్చబెట్టడం, మనం పులుసుకి చేసేదీ సరిగ్గా ఇదే. మూత లోపలివైపు కూడా చూడండి. ఆవిరి తగిలి తెల్లటి పొడిలాగా, మచ్చల్లాగా ఉంటే అదీ లోహం తిన్న గుర్తే.

పెళ్ళిళ్ళలో అండాల సంగతీ ఇంతే. పొద్దున నాలుగుకి చారు కాచి, అల్యూమినియం అండాలోనే వ్యాన్‌లో మండపానికి తెచ్చి, మూడో పంక్తి దాకా అందులోంచే వడ్డిస్తారు. ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళు తినేవాళ్ళకి ఇది లెక్కే కాదు. రోజూ ఇలాంటి చారు తినే హాస్టలు పిల్లల విషయం ఆలోచించాల్సిందే.

ఇంతవరకూ చెప్పింది అల్యూమినియం గురించి. మా మట్టుకు మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది మాత్రం అది కాదు, ఈయం అనే మాటలో దాక్కున్న మూడో లోహం, సీసం.

మా చిన్నప్పుడు వీధిలో బండివాడు "పళయ ఇరుంబు, ఈయం, పిత్తళైక్కి పేరీచ్చంపళం" అని అరుచుకుంటూ వచ్చేవాడు. పాత ఇనుము, ఈయం, ఇత్తడి ఇస్తే ఖర్జూరం ఇస్తాడు. పిల్లలం చొట్ట పోయిన బోసిలు ఎత్తుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. ఆ సరుకంతా ఎక్కడికి పోయేది? గుట్టగా పోసి, వేరు చేసి, కరిగించేవాళ్ళు. ఆ గుట్టలో గిన్నెలే కాదు, బండి ఇంజన్ ముక్కలు, రేడియేటర్లు, తీగలు, టంకం అతికిన సామాన్లు, అన్నీ ఉంటాయి. టంకంలో సీసం ఉంటుంది. రేకు నుంచి సాగదీసి చేసే పల్చటి గిన్నెకి శుభ్రమైన లోహం కావాలి, లేకపోతే రేకు చిరుగుతుంది. కరిగించి అచ్చులో పోసే దళసరి చట్టికి, బాణలికి ఆ పట్టింపు లేదు. ఏ తుక్కు పోసినా చట్టి అవుతుంది.

తుక్కుతో పోత పోసిన ఇలాంటి గిన్నెల్లోంచి సీసం దిగుతుందని ఆఫ్రికాలో కామెరూన్ చట్టీల మీద 2014లో వచ్చిన పరిశోధన చూపించింది. తర్వాత వేరే దేశాల గిన్నెల్లోనూ అదే తేలింది. అమెరికాలో సియాటిల్ వైపు ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువుందని వెతుకుతూ పోతే, వాళ్ళు వెంట తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్లు, కడాయిల్లో సీసం దొరికింది. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ నేరుగా హెచ్చరిక ఇచ్చింది. ఇత్తడి, అల్యూమినియం, హిండాలియం అనే పేరుతో అమ్మే మిశ్రమ లోహం, వీటితో చేసిన కొన్ని దిగుమతి గిన్నెలు తిండిలోకి సీసం వదులుతున్నాయని, వాడొద్దని. ఆ పేరు చూడగానే మాకు తెలుసు ఎవరి సామానో. మన దేశంలో ఆ పేరున్న కడాయి లేని వంటింటి కొట్టు ఉండదు. అక్కడున్న మన పిల్లలకి సూట్‌కేసులో కడాయిలు కుక్కి పంపేది మనమే కదా.

హిండాలియం అన్న ప్రతి గిన్నెలోనూ సీసం ఉంటుందని కాదు. అల్యూమినియంలో కాస్త మెగ్నీషియం, మాంగనీసు లాంటివి కలిపి గట్టిపరిచిన లోహానికి ఆ పేరు, సరిగ్గా చేస్తే సీసానికి అందులో పనే లేదు. చిక్కంతా ఎక్కడ చేశారో, ఏం కరిగించారో చెప్పే ముద్ర లేని సామాను దగ్గరే.

ఇక్కడ తేడా అర్థం చేసుకోవాలి. అల్యూమినియానికి హద్దు ఉంది, ఆ హద్దు కింద ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు సర్దుకుంటుంది. సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎముకల్లో చేరి ఏండ్ల తరబడి కూర్చుంటుంది, పిల్లల బుర్ర ఎదుగుదలని దెబ్బ తీస్తుంది, గర్భిణి నుంచి బిడ్డకి వెళ్తుంది. పులుపు అల్యూమినియాన్ని కరిగించేటప్పుడు అందులో కలిసున్న సీసాన్ని కూడా వెంట తెస్తుంది. కంటితో చూసి చెప్పలేం. బరువు, రంగు, గంట మోత, ఏదీ చెప్పదు. రంగు మారే పుల్లలు పెయింటుకి పనికొస్తాయి గానీ, లోహంలో కలిసిన కొద్దిపాటి సీసాన్ని నమ్మకంగా పట్టవు. తెలియాలంటే లోహ పరీక్ష చేసే ల్యాబులో స్పెక్ట్రో చెయ్యాలి. కోవై ఫౌండ్రీల ఊరు, ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు. గిన్నె మీద చిన్న నిప్పురవ్వ కొట్టి, ఆ వెలుగులో ఏ లోహం ఎంతుందో చదువుతారు, బొట్టు బిళ్ళంత మచ్చ మిగులుతుంది. ఒక చట్టి కోసం అంత పని చెయ్యడం కంటే దాన్ని పులుపుకి వాడకపోవడమే సులువు.

కొనేటప్పుడు చూడాల్సింది ముద్ర. మన ఆహార భద్రతా నియమాల ప్రకారం అల్యూమినియం గిన్నె లోహం ఐఎస్ 20 లేదా ఐఎస్ 21 ప్రమాణానికి సరిపోవాలి, మొదటిది పోత సామానుకి, రెండోది రేకు సామానుకి. స్టీలు, అల్యూమినియం వంట సామాన్లకి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఆదేశం ఇచ్చింది. టౌన్‌హాల్ వైపు పాత్రల కొట్లలో అడగండి. సంతలో కిలో లెక్కన అమ్మే చట్టికి ఏ ముద్రా ఉండదు.

మా వంటింట్లో ఇప్పుడు ఎట్లా సాగుతోందంటే, అల్యూమినియాన్ని బయట పడెయ్యలేదు. అన్నం, పాలు, వేణ్ణీళ్ళు, ఇడ్లీ ఆవిరి, అన్నీ అందులోనే. చింతపండు పడే ప్రతి వంటా మాత్రం స్టీలులోకి మారింది. స్టీలులో అడుగంటుతుందని అవ్వ ఫిర్యాదు, అది నిజమే, అల్యూమినియం వేడిని సమంగా పంచినట్టు పల్చటి స్టీలు పంచదు. అడుగున అల్యూమినియం పలక లోపల పెట్టి పైన స్టీలు మూసిన దళసరి అడుగు గిన్నె కొన్నాక ఆ ఫిర్యాదు సగం తగ్గింది. కుక్కర్‌లో పప్పు ఉడికాకే టమాటా, చింతపండు పులుసు వేస్తాం, అదీ వేరే గిన్నెలోకి తిరగబోసాక. పులుపు ముందే పడితే పప్పు గింజ మెత్తబడదు, కాబట్టి ఇది కొత్త పనేమీ కాదు. నల్లటి హార్డ్ అనోడైజ్డ్ గిన్నెల్లో ఆ ఆక్సైడ్ పొరనే విద్యుత్తుతో బాగా మందం చేసి ఉంటారు, అవి పులుపుని చాలా మేర తట్టుకుంటాయి. గీతలు పడి లోపలి తెలుపు కనపడితే మామూలు అల్యూమినియం కిందే లెక్క.

ఇంకా అల్యూమినియంలోనే పులుసు కాచే ఇళ్ళకి ఒక్కటే చెబుతాం. పొయ్యి దించగానే స్టీలులోకో, గాజులోకో, పింగాణీలోకో మార్చండి. తళతళలాడేదాకా చింతపండుతో, ఇనప పీచుతో తోమకండి, తోమిన ప్రతిసారీ పొర పోతుంది. ఆ నలుపు మురికి కాదు.

పాతకాలం రాచ్చిప్ప మళ్ళీ తెచ్చుకున్నాం. ఇక్కడ కల్‌చట్టి అంటారు, సేలం వైపు మెత్తటి రాయితో చెక్కుతారు. లోపల బయట నూనె, పసుపు పట్టించి ఒక రోజు ఉంచి, నాలుగైదు రోజులు వేడి గంజి పోసి పెట్టి, తర్వాత సన్న మంట మీద మెల్లగా అలవాటు చెయ్యాలి. మొదటి రోజే పెద్ద మంట పెడితే పగులుతుంది. పులుపుకి అది చలించదు, దించాక కూడా పావుగంట కుతకుతలాడుతూ ఉంటుంది, అందుకని కొంచెం ముందే దించాలి. కళాయి ఇత్తడి కూడా మంచిదే, కాకపోతే కళాయికి వాడేది అసలు తగరమేనా, సీసం కలిపిందా అని అడిగి వేయించుకోవాలి. రసానికి వాడే ఈయ చొంబు విషయంలోనూ ఇదే ప్రశ్న. అది వెళ్ళీయం అయితేనే పొయ్యి మీదకి.

పెదనాన్న ఇప్పుడు పల్చటి నిమ్మకాయ చారుతో సరిపెట్టుకుంటున్నాడు, డాక్టరు చెప్పినంత కొలతలో, స్టీలు గిన్నెలో. రాచ్చిప్పలో వెల్లుల్లి పులుసు కాచిన రోజు వాసనకి వంటింటి గడప దాకా వచ్చి నిలబడతాడు.

అవ్వ బోసి 607 గ్రాములు, అన్నానికి వాడుతున్నాం, వచ్చే సంక్రాంతికి మళ్ళీ తూస్తాం. పులుపు లేకుండా ఎంత తగ్గుతుందో చూస్తే, తోముడుకి పోయేదెంతో, పులుసుకి పోయిందెంతో తేలుతుంది. సంతలో కొన్న ముద్ర లేని పోత చట్టిని ఏం చెయ్యాలనేదే తేలలేదు చాలా రోజులు. పాత సామాన్లవాడికి వేస్తే కరిగి ఇంకో ఇంటికి ఇంకో చట్టిగా వెళ్తుంది. ప్రస్తుతం మేడమెట్ల కింద ఉంది, మేకులూ స్క్రూలూ వేసి పెట్టాం.